గల్లాపెట్టె దాటిన రూపాయి

సొంత వ్యాపారానికి చట్టం దృష్టిలో వేరే ప్రాణం లేదు. బోర్డు మీద దేవుడి పేరు ఉండొచ్చు, కూతురి పేరు ఉండొచ్చు. బ్యాంకులో కరెంటు ఖాతా కూడా ఆ పేరుతోనే ఉండొచ్చు. కానీ పాన్ నంబరు యజమానిదే. అప్పు తీర్చాల్సింది ఆయనే, పన్ను కట్టాల్సిందీ ఆయనే. అయినా లెక్కల పుస్తకం తెరిస్తే మాత్రం దుకాణం వేరు, యజమాని వేరు. దుకాణం తన యజమానికి ఎంత బాకీ ఉందో అందులో ఒక పేజీ చెబుతుంది. దాన్నే పెట్టుబడి ఖాతా అంటారు.

ఇంటికీ దుకాణానికీ మధ్య రూపాయి మూడు రకాలుగా తిరుగుతుంది. యజమాని తన సొంత డబ్బు తెచ్చి దుకాణంలో పెడితే అది పెట్టుబడి. దుకాణంలోంచి తన అవసరానికి తీసుకుంటే అది సొంత వాడకం, గుమస్తాలు డ్రాయింగ్స్ అని రాసేది. అమ్మో, భార్యో, బావమరిదో ఇచ్చి, మళ్లీ వాళ్లకు తిరిగి ఇవ్వాల్సిందైతే అది అప్పు. మాటల్లో చెప్పుకుంటే ఇంత తేలిక. పుస్తకాల్లోకి వచ్చేసరికి ఈ మూడూ కలిసిపోతాయి. కలిసిపోయిన సంగతి సాధారణంగా సెప్టెంబరులో, ఆడిటర్ బల్ల ముందు బయటపడుతుంది. అప్పటికి ఏడాది మీద ఆరు నెలలు గడిచి ఉంటాయి. ఎవరు ఎందుకు ఇచ్చారో యజమానికే సరిగా గుర్తుండదు.

తెనాలిలో రంగులూ హార్డ్‌వేర్ సామానూ అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవే. కానీ ఇందులో ఉన్న తప్పుల్లో ప్రతి ఒక్కటీ మన ఊళ్ల దుకాణాల పుస్తకాల్లో మళ్లీ మళ్లీ కనిపించేదే. లెక్క 2023-24 సంవత్సరానిది. ఆ ఏడాది అమ్మకాలు 1 కోటి 62 లక్షలు, అంతకు ముందు ఏడాది 1 కోటి 48 లక్షలు. సగానికి సగం నగదు వ్యాపారం. అంచనా లాభం చూపించి సరిపెట్టుకునే పద్ధతి కాకుండా అసలు పుస్తకాల ప్రకారమే లాభం చూపిస్తున్నారు కాబట్టి ఆడిట్ తప్పనిసరి.

గుమస్తా తయారుచేసి పంపిన పెట్టుబడి ఖాతా ఇలా ఉంది. 2023 ఏప్రిల్ 1న యజమాని పెట్టుబడి 18,40,000. ఏడాదిలో కొత్తగా తెచ్చింది 8,86,000. లాభం 4,72,000. సొంత వాడకం 7,02,000. అన్నీ పోను 2024 మార్చి 31న 24,96,000. ఏడాదిలో యజమాని సొంత డబ్బు ఆరున్నర లక్షలు పెరిగిందన్నమాట. బ్యాంకు మేనేజరు చూస్తే ఓడీ పరిమితి పెంచడానికి వెనకాడడు. యజమాని కూడా ఆ కాగితం చూసి సంతోషించాడు.

ఆడిటర్ మాత్రం లాభం అంకె జోలికి వెళ్లకుండా ముందు ఆ 8,86,000 దగ్గర ఆగాడు. నాలుగు లక్షల డెబ్బై వేలు సంపాదించిన మనిషి, అదే ఏడాది బయటి నుంచి దాదాపు తొమ్మిది లక్షలు ఎక్కడి నుంచి తెచ్చి పెట్టాడు?

తెచ్చిన డబ్బు ఎవరిది

విడదీస్తే ఆ 8,86,000లో మూడు ముక్కలు తేలాయి. మొదటిది జూన్‌లో వచ్చిన 3,00,000. యజమాని పేరున సేవింగ్స్ ఖాతాలో ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరితే ఆ సొమ్మును దుకాణం కరెంటు ఖాతాకు పంపాడు. డిపాజిట్ రసీదు ఉంది, దాని మీద వచ్చిన వడ్డీని పాత రిటర్నుల్లో చూపించాడు, బదిలీ బ్యాంకులో కనిపిస్తోంది. నిఖార్సయిన పెట్టుబడి అంటే ఇదే. దీనికి పన్ను లేదు. తన డబ్బు తాను ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చుకున్నాడు, అంతే.

రెండోది 86,000. ఏడాది పొడవునా చిన్న చిన్న మొత్తాలుగా అదే సేవింగ్స్ ఖాతా నుంచి కరెంటు ఖాతాకు వచ్చింది. గుమస్తా దీన్నీ పెట్టుబడిగానే రాశాడు. యజమాని ఖాతా నుంచి వచ్చింది కదా, ఇంకేం రాస్తాడు? సేవింగ్స్ ఖాతా స్టేట్‌మెంట్ తెప్పించి చూస్తే అసలు సంగతి తెలిసింది. దుకాణంలో రెండు క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి. ఒకటి కరెంటు ఖాతాది. రెండోది యజమాని సొంత ఫోనుది. రద్దీగా ఉన్న రోజున మేస్త్రీలు పాత బాకీ కట్టడానికి వస్తే ఏది దగ్గరుంటే దానికే కొట్టారు. అంటే ఆ 86,000 కొనుగోలుదారులు తీర్చిన బాకీ. యజమాని డబ్బు కానే కాదు.

ఈ దుకాణం అదృష్టం ఏమిటంటే, ఆ సరుకుకు అప్పటికే బిల్లులు వేసి ఉన్నారు. కాబట్టి అమ్మకాల అంకె మారలేదు. బాకీదారుల జాబితాలో అంత మేర తగ్గింది, పెట్టుబడిలో అంత మేర తగ్గింది. అదే బిల్లు వేయని అమ్మకాలైతే సంగతి వేరుగా ఉండేది. అమ్మకాన్ని పెట్టుబడి అని రాస్తే ఆదాయం దాచినట్టే అవుతుంది, జీఎస్టీ ఎగ్గొట్టినట్టూ అవుతుంది. ఫోన్‌పే, గూగుల్ పే వచ్చాక ఇల్లూ దుకాణమూ కలిసిపోయే దారుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదేనని నా అభిప్రాయం. వెనకటికి గల్లాపెట్టె దుకాణంలోనే ఉండేది. ఇప్పుడు యజమాని చొక్కా జేబులోనూ ఒకటి ఉంది.

మూడోది 5,00,000. అక్టోబరు మొదటి తేదీన బావమరిది ఖాతా నుంచి ఆర్‌టీజీఎస్‌లో వచ్చింది.

"మా బావమరిది డబ్బేనండీ. పరాయివాడు కాదు కదా, అందుకే పెట్టుబడిలో వేయించాను" అన్నాడు యజమాని.

"తిరిగి ఇవ్వాలా?"

"ఇవ్వకపోతే ఎలాగండీ? వచ్చే దసరాకి ఇస్తానన్నాను. నూటికి రూపాయి వడ్డీ."

తిరిగి ఇవ్వాలి, వడ్డీ కూడా ఉంది. అలాంటప్పుడు అది పెట్టుబడి ఎలా అవుతుంది? పెట్టుబడి ఖాతాలో యజమాని సొమ్ముకు తప్ప ఇంకెవరి సొమ్ముకూ చోటు లేదు. దాన్ని అప్పుల కిందికి, బావమరిది పేరుతో విడి ఖాతాలోకి మార్చాలి.

మారిస్తే పని పూర్తయినట్టు కాదు. అప్పుగా రాసిన మరుక్షణం ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. పుస్తకంలో జమ అయిన ఏ మొత్తానికైనా మూలం చూపించలేకపోతే దాన్ని యజమాని ఆదాయంగానే లెక్కగట్టే అధికారం 1961 ఆదాయపు పన్ను చట్టం 68వ సెక్షన్ ఇచ్చింది. అప్పు ఇచ్చిన మనిషి ఎవరు, ఇచ్చే స్తోమత అతనికి ఉందా, లావాదేవీ నిజంగా జరిగిందా అన్న మూడింటికీ జవాబు ఉండాలి. బ్యాంకు ద్వారా వచ్చినంత మాత్రాన మూడూ తేలిపోవు. 2022 ఫైనాన్స్ చట్టం దీనికి ఇంకో మెట్టు కలిపింది. అప్పుగా తెచ్చిన డబ్బైతే, ఇచ్చినవాడికి అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూపించాలి. చూపించలేకపోతే మామూలు శ్లాబులు వర్తించవు. ఆ ఏడాది ఉన్న రేటు 60 శాతం, దాని మీద 25 శాతం సర్‌ఛార్జీ, ఆ పైన 4 శాతం సెస్సు. కలిపితే 78 శాతం. 5,00,000 అప్పుకు 3,90,000 పన్ను. ఆ తర్వాత బావమరిదికి ఇవ్వాల్సిన అయిదు లక్షలు ఇవ్వాల్సినట్టే ఉంటాయి.

అందుకే ఆడిటర్ బావమరిది బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగాడు. ఇలాంటి స్టేట్‌మెంటులో అధికారి కళ్లు ముందు ఒకే చోటికి వెళ్తాయి. డబ్బు బయటికి వెళ్లిన రోజుకు రెండు మూడు రోజుల ముందు ఆ ఖాతాలో నగదు జమ ఉందా అన్నది చూస్తారు. ఇక్కడ ఉంది. సెప్టెంబరు 29న 1,90,000 నగదు. మిగతా 3,10,000 గుంటూరు మిర్చి కమీషన్ ఏజెంటు ఖాతా నుంచి వచ్చింది. బావమరిది రైతు. వేసవిలో ధర నచ్చక కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీలను సెప్టెంబరులో అమ్మాడు. ఆ నగదు కూడా ఇంకో ఏజెంటు దగ్గర అమ్మిన సరుకుదే. అమ్మిన పట్టీలు, కోల్డ్ స్టోరేజీ రసీదు, పట్టాదారు పాసు పుస్తకం నకలు, పాన్, ఇంత మొత్తం ఫలానా తేదీన అప్పుగా ఇచ్చానన్న సంతకం కాగితం, ఇవన్నీ ఒక ఫైల్లోకి చేరాయి. బావమరిది ఊళ్లోనే ఉన్నాడు కాబట్టి, పట్టీలు పారేయలేదు కాబట్టి కుదిరింది. ఆ కాగితాలు అడగాల్సిన రోజు మాత్రం డబ్బు వచ్చిన రోజే. ఏడాది తర్వాత అడిగితే చుట్టరికంలో అనుమానం పుడుతుంది. ముందే అడిగితే అది పద్ధతిగా ఉంటుంది.

వడ్డీ సంగతి కూడా తేలాలి. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. అక్టోబరు నుంచి మార్చి దాకా ఆరు నెలలకు 30,000. వ్యాపారం కోసం తెచ్చిన అప్పు కనుక ఇది ఖర్చుగా చెల్లుతుంది. గుమస్తా దీన్ని అసలు రాయలేదు. పెట్టుబడికి వడ్డీ ఏమిటని అనుకున్నాడు. అతని ఆలోచనలో ఒక విధంగా తప్పు లేదు. సొంత వ్యాపారంలో యజమాని తన పెట్టుబడి మీద తనకు వడ్డీ రాసుకుంటే పన్ను లెక్కలో చెల్లదు. భాగస్వామ్య సంస్థలో భాగస్వాములకు 12 శాతం దాకా చెల్లుతుంది, ఇక్కడ ఆ వీలు లేదు. మనిషి తనకు తాను అప్పిచ్చుకోలేడు కదా. బావమరిది డబ్బును పెట్టుబడి అనడం వల్ల యజమాని న్యాయంగా రావాల్సిన 30,000 ఖర్చును కూడా పోగొట్టుకోబోయాడు.

ముందు ఏడాది అమ్మకాలు కోటి దాటాయి కాబట్టి, ఆ వడ్డీలో 10 శాతం, అంటే 3,000 టీడీఎస్ కింద పట్టి ఏప్రిల్ 30 లోగా కట్టాల్సింది. అప్పట్లో ఒక మనిషికి ఏడాదికి 5,000 దాటిన వడ్డీకి ఈ నియమం వర్తించేది. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10,000 అయింది. టీడీఎస్ మరిచిపోతే వడ్డీలో 30 శాతం, ఇక్కడ 9,000, ఖర్చుగా చెల్లదు. ఆలస్యంగా కట్టినందుకు వడ్డీ వేరే. బావమరిదికి ఇచ్చే డబ్బులో కోత పెట్టడమేమిటని చాలామంది మొహమాటపడతారు. ఆ 3,000 ఎక్కడికీ పోదు, అతని పాన్ మీదే జమ అవుతుంది. రిటర్ను వేస్తే కట్టాల్సిన పన్నులో సర్దుబాటు అవుతుంది, లేదా తిరిగి వస్తుంది.

అమ్మ ఇచ్చిన లక్షన్నర

పెట్టుబడి ఖాతాలో ఉండాల్సింది ఒకటి అప్పుల్లో కూర్చుంది. సెప్టెంబరు 12న అమ్మ ఇచ్చిన 1,50,000 నగదు.

ఆ రోజు ఏం జరిగిందో క్యాష్ బుక్ చెబుతుంది. రంగుల కంపెనీ డీలరుకు ఇచ్చిన చెక్కు బ్యాంకుకు వస్తోంది, ఖాతాలో చాలినంత లేదు. యజమాని 1,80,000 నగదు తీసుకెళ్లి బ్యాంకులో కట్టాడు. కానీ పుస్తకం ప్రకారం ఆ ఉదయం గల్లాలో ఉన్నది 42,000 మాత్రమే. లేని డబ్బు బ్యాంకుకు ఎలా వెళ్లింది? కంప్యూటర్‌లో నగదు నిల్వ మైనస్ 1,38,000 చూపించింది. గుమస్తా అడిగితే అమ్మ ఇచ్చిందన్నాడు. గుమస్తా "అమ్మగారి అప్పు 1,50,000" అని రాశాడు. నిల్వ 12,000కు వచ్చి నిలబడింది.

నగదు నిల్వ మైనస్‌లోకి వెళ్లడం అంటే ఏమిటో ఇక్కడ కాస్త చెప్పాలి. గల్లాపెట్టెలో ఉన్నదానికన్నా ఎక్కువ ఖర్చు పెట్టడం ఎవరివల్లా కాదు. కాబట్టి పుస్తకం మైనస్ చూపిస్తే ఏదో ఒక రాబడి రాయలేదని అర్థం. అది అమ్మ ఇచ్చిన డబ్బు కావచ్చు, చేబదులు కావచ్చు, బిల్లు లేని అమ్మకం కావచ్చు. ఏడాది చివర్లో కూర్చుని రాసే గుమస్తాలకు ఇది తలనొప్పి. మైనస్ వచ్చిన ప్రతి చోటా "యజమాని తెచ్చిన పెట్టుబడి" అని 50,000, 1,00,000 వేసి సరిచేస్తారు. అనుభవమున్న అధికారికి ఆ పుస్తకం చదవడానికి పది నిమిషాలు చాలు. పెట్టుబడి వచ్చిన తేదీలన్నీ నగదు అయిపోయిన తేదీలే అయితే, అంకెలన్నీ గుండ్రంగా ఉంటే, ఆ పెట్టుబడి కాగితం మీద పుట్టిందే. మీ పుస్తకంలో మీరే ఈ పరీక్ష చేసుకోవచ్చు. పెట్టుబడి ఖాతాలో ప్రతి జమ పక్కనా ఆ రోజు ఉదయం నగదు నిల్వ ఎంతో రాసి చూడండి.

మన దుకాణంలో డబ్బు నిజంగా అమ్మే ఇచ్చింది. అయినా చిక్కు ఉంది. 269ఎస్ఎస్ సెక్షన్ ప్రకారం 20,000, ఆ పైన అప్పును నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే 271డీ కింద తీసుకున్నంతే జరిమానా, అంటే లక్షన్నర. దాన్ని మళ్లీ నగదుగా తిరిగి ఇస్తే 269టీ ప్రకారం ఇంకో తప్పు, దానికి ఇంకో లక్షన్నర. రోజుకు 19,000 చొప్పున తెచ్చామన్నా కుదరదు, అదే మనిషికి అంతకు ముందు తీర్చకుండా ఉన్న బాకీని కూడా కలిపి చూస్తారు. తగిన కారణం చూపిస్తే జరిమానా మాఫీ చేసే వీలు చట్టంలోనే ఉంది. కుటుంబ సభ్యుల మధ్య అవసరానికి ఇచ్చిపుచ్చుకున్నదని ట్రిబ్యునళ్లు ఊరట ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కానీ ఆ ఊరట దాకా వెళ్లాలంటే ఏళ్లు పట్టొచ్చు, ఫీజులూ ఉంటాయి. ఇంటివాళ్ల మధ్య ఈ నియమం వర్తించదని మన ఊళ్లలో గట్టి నమ్మకం ఉంది. చట్టంలో అలాంటి మినహాయింపు లేదు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, ఎవరికీ పన్ను పడే ఆదాయం లేకపోతేనే మినహాయింపు. దుకాణం నడిపేవాడికి అది పనికిరాదు.

"అమ్మగారు ఈ డబ్బు తిరిగి అడుగుతారా?" అన్నాడు ఆడిటర్.

"అమ్మ అడగడమేమిటండీ! కౌలు డబ్బు వచ్చింది, అవసరానికి వాడుకోరా అని చేతిలో పెట్టింది. గుమస్తా అడిగితే అమ్మ ఇచ్చిందన్నాను. అప్పు అని వాడే రాశాడు."

అలాగైతే అది అప్పు కాదు. కొడుక్కి తల్లి ఇచ్చిన సొమ్ము. తల్లి దగ్గర నుంచి వచ్చిన దానికి, ఎంతైనా సరే, పుచ్చుకున్నవాడికి పన్ను లేదు. మొత్తం 2,00,000 కన్నా తక్కువ కాబట్టి నగదు పుచ్చుకోవడం మీద ఉన్న మరో ఆంక్ష కూడా అడ్డు రాదు. తల్లి తన కౌలు రసీదుతో పాటు, ఇచ్చిన సంగతిని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టింది. ఆ కాగితం మీద వేసింది రాసిన రోజు తేదీయే. వెనకటి తేదీ వేయమని ఆడిటర్ చెప్పలేదు, వేస్తానన్నా ఒప్పుకోడు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అప్పును బహుమతిగా మార్చుకోవడం జరిమానా తప్పించుకునే ఉపాయం కాదు. వచ్చే ఏడాది ఆ లక్షన్నర అమ్మకు తిరిగి వెళ్లినట్టు ఎక్కడ కనిపించినా మొత్తం కథ కూలిపోతుంది. నిజంగా అప్పే అయితే అప్పు అనే రాసి, ఎందుకు నగదుగా తీసుకోవాల్సి వచ్చిందో చెప్పుకోవడమే మంచిది. అసలు ఇంత దాకా రాకుండా ఉండాలంటే అమ్మ చేతిలోని డబ్బును ముందు అమ్మ ఖాతాలో వేసి, అక్కడి నుంచి బదిలీ చేస్తే సరిపోయేది. ఊళ్లో బ్యాంకు ఉంది, అమ్మకు ఖాతా ఉంది, ఒక అరగంట పని.

బహుమతికి పన్ను లేని బంధువులు ఎవరన్నదీ తెలుసుకోవడం మంచిది. తల్లిదండ్రులు, తాతలు, పిల్లలు, భార్య, తోబుట్టువులు, భార్య తోబుట్టువులు, మేనమామ, పినతండ్రి, మేనత్త, అత్తమామలు, వీళ్లందరూ ఉన్నారు. పెదనాన్న కొడుకు లేడు. సొంత అన్న కన్నా ఎక్కువగా చూసుకునే పెదనాన్న కొడుకు 60,000 ఇచ్చి తిరిగి అక్కర్లేదంటే, అది తీసుకున్నవాడి ఆదాయం అవుతుంది. ఇలాంటి బహుమతులన్నీ కలిపి ఏడాదికి 50,000 దాటితే దాటిన భాగానికి మాత్రమే కాదు, మొత్తానికీ పన్ను పడుతుంది.

భార్య డబ్బు ఈ దుకాణంలో లేదు. చాలా దుకాణాల్లో ఉంటుంది. పుట్టింటివాళ్లు ఇచ్చిందో, తన జీతమో అయితే ఆమె పేరున అప్పుగా రాసి వడ్డీ ఇవ్వొచ్చు, ఆ వడ్డీ ఆమె ఆదాయమే. భర్త ముందు ఆమె ఖాతాలో వేసి, ఆమె నుంచి అప్పు తెచ్చినట్టు రాస్తే మాత్రం ఆ వడ్డీ తిరిగి భర్త ఆదాయంలోనే కలుస్తుంది. ఆ శ్రమ అంతా వృథా.

ఇంటికి వెళ్లిన డబ్బు

గుమస్తా లెక్కలో సొంత వాడకం 7,02,000. నెలకు 35,000 చొప్పున ఇంటి ఖర్చు 4,20,000, ఇంటి అప్పు వాయిదాలు 2,22,000, ముందస్తు ఆదాయపు పన్ను 60,000. ఇందులో ఆదాయపు పన్నును సరిగ్గా రాసినందుకు అతన్ని మెచ్చుకోవాలి. దుకాణం లాభం మీద కట్టినా అది యజమాని పన్నే, దుకాణం ఖర్చు కాదు.

మిగతావి ఖర్చుల్లో దాక్కున్నాయి. అమ్మాయి ఇంటర్ ఫీజు 1,80,000 కరెంటు ఖాతా నుంచి వెళ్లింది కాబట్టి సిబ్బంది సంక్షేమం కింద రాశాడు. ఎల్ఐసీ ప్రీమియం 48,000 ఇన్సూరెన్సు కింద, దుకాణం అగ్నిప్రమాద పాలసీ పక్కనే కూర్చుంది. ఈ రెండూ సొంత వాడకమే. పాత పన్ను విధానంలో ఉంటే వాటికి దొరికే మినహాయింపు రిటర్నులో విడిగా అడగొచ్చు. దుకాణం ఖర్చుగా ఒకసారి, మినహాయింపుగా ఇంకోసారి చూపిస్తే ఒకే డబ్బుకు రెండుసార్లు లాభం పొందినట్టు.

మూడోది ఏ పేజీలోనూ లేదు. సంక్రాంతికి ముందు సొంత ఇంటికి రంగులు వేయించాడు. డబ్బాలు దుకాణంలోంచే వెళ్లాయి, కొన్న ధర 50,000. తన సరుకు తాను వాడుకుంటే రాయాల్సిందేముందని అనుకున్నాడు. కానీ ఆ 50,000 కొనుగోళ్లలో ఉంది, నిల్వలో లేదు, అమ్మకాల్లో లేదు. అంటే నష్టపోయినట్టుగా లాభంలోంచి పోయింది. దాన్ని కొనుగోళ్లలోంచి తీసేసి సొంత వాడకంలో కలపాలి. ఆ రంగుల మీద కట్టిన 18 శాతం జీఎస్టీ, 9,000, అప్పటికే ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకున్నాడు. సొంత వాడకానికి పోయిన సరుకు మీద క్రెడిట్ చెల్లదు. జీఎస్టీఆర్-3బీలో దాన్ని వెనక్కి ఇవ్వాలి, ఆ 9,000 కూడా సొంత వాడకమే అవుతుంది. కిరాణా దుకాణాల్లో, బట్టల దుకాణాల్లో ఇది రోజూ జరిగేదే. బియ్యం, నూనె, పండగ చీరలు ఇంటికి వెళ్తాయి, ఎవరూ రాయరు. నెలకొకసారి ఒక నోట్‌బుక్కులో కొన్న ధర వేసి రాసుకుంటే చాలు.

ఇవన్నీ కలిపితే సొంత వాడకం 9,89,000. ఖర్చుల్లోంచి ఇంటివి తీసేసి, బావమరిది వడ్డీ కలిపితే లాభం 4,72,000 నుంచి 7,20,000 అయింది. పన్ను పెరిగింది. యజమానికి అది నచ్చలేదు. అయితే అతన్ని ఎక్కువ కలవరపెట్టింది ఆ తర్వాత వేసిన లెక్క.

సరిచేసిన పెట్టుబడి ఖాతా చూడండి. మొదట 18,40,000. డిపాజిట్ నుంచి 3,00,000, అమ్మ ఇచ్చింది 1,50,000, లాభం 7,20,000 కలుపుకొని, 9,89,000 తీసేస్తే 20,21,000. గుమస్తా చూపించిన 24,96,000 కన్నా 4,75,000 తక్కువ. అయినా గత ఏడాదికన్నా ఎక్కువే కదా అనిపిస్తుంది. బయటి నుంచి వచ్చిన నాలుగున్నర లక్షలు పక్కన పెట్టి చూస్తే దుకాణం తన కాళ్ల మీద మిగిల్చింది 15,71,000. ఏడాదిలో 2,69,000 కరిగింది. దుకాణం నెలకు 60,000 సంపాదిస్తే ఇల్లు నెలకు 82,000 పైన తీసుకుంది. ఎన్నో ఏళ్లు దాచుకున్న డిపాజిట్ సరుకులోకి వెళ్లిందని అతను అనుకున్నాడు. అది ఫీజులకూ వాయిదాలకూ వెళ్లిపోయింది. ఆ లోటును కప్పింది బావమరిది మిర్చి డబ్బు.

నష్టాల దుకాణాన్ని యజమాని తొందరగానే పసిగడతాడు. లాభాల్లో ఉంటూ కరిగిపోయే దుకాణాన్ని పసిగట్టడం కష్టం. లాభనష్టాల పట్టీలో అది కనిపించదు, పెట్టుబడి ఖాతాలోనే కనిపిస్తుంది. తెచ్చిన డబ్బు కలపకుండా, లాభం ఒక పక్క, సొంత వాడకం ఒక పక్క పెట్టి చూస్తేనే కనిపిస్తుంది.

ఇలా నాలుగైదేళ్లు సాగితే పెట్టుబడి ఖాతా తిరగబడుతుంది. దుకాణం యజమానికి బాకీ ఉండడం పోయి, యజమానే దుకాణానికి బాకీ పడతాడు. అప్పుడు అధికారి ఓడీ వడ్డీ మీద చెయ్యి వేస్తాడు. బ్యాంకు అప్పు సరుకు కోసం తెచ్చారు, కానీ అంత మేర ఇంటికి వెళ్లింది కాబట్టి ఆ భాగం వడ్డీ వ్యాపార ఖర్చు కాదంటాడు. సొంత పెట్టుబడి చాలినంత ఉన్నంత కాలం వాడకం దానిలోంచే వచ్చిందని వాదించొచ్చు, కోర్టులు ఆ వాదనను ఒప్పుకున్నాయి. ఖాతా తిరగబడ్డాక ఆ వాదనకు ఆధారం ఉండదు.

దీనికి పూర్తిగా ఎదురు తప్పు కూడా ఉంది. కొందరు ఏడాదికి 72,000 మాత్రమే సొంత వాడకం చూపిస్తారు. ఇద్దరు పిల్లలు కార్పొరేట్ కాలేజీలో, ఇంటి ముందు కారు. నెలకు ఆరు వేలతో ఆ ఇల్లు ఎలా నడుస్తుందని అడిగితే జవాబు ఉండదు. తక్కువ వాడకం చూపించి పెట్టుబడి పెరిగిందనిపిస్తే, బయట పెట్టని ఆదాయంతో ఇల్లు నడుస్తోందన్న అనుమానానికి తలుపు తెరిచినట్టే. ఇంట్లో వేరే సంపాదన ఉంటే, భార్య జీతమో పొలం ఆదాయమో, దాన్ని రాసి ఉంచాలి.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. కొత్త ఏడాది లెక్కకు నంబర్లూ రేట్లూ ఆడిటర్‌ను అడిగి సరిచూసుకోవాలి. ఇంటి డబ్బు, దుకాణం డబ్బు, చుట్టాల డబ్బు విడిగా రాయాల్సిన అవసరం మాత్రం అలాగే ఉంది.

పన్ను సంగతి పక్కన పెట్టి, నాకు ఇంకా ముఖ్యమనిపించే విషయం ఒకటి చెబుతాను. బావమరిది 5,00,000 పెట్టుబడి ఖాతాలో ఉండగా యజమానికి హఠాత్తుగా ఏదైనా జరిగితే? పుస్తకం ప్రకారం ఆ డబ్బు పోయినవాడిది. భార్యకూ పిల్లలకూ తల్లికీ వాటాలుగా వెళ్తుంది. బావమరిది అడిగితే ఆధారం ఏదంటారు. అడగకపోతే అతని రెండెకరాల మిర్చి కష్టం పోయినట్టే. మధ్యలో నలిగేది ఆ ఇంటి ఇల్లాలు, ఒక పక్క తోడబుట్టినవాడు, ఇంకో పక్క పిల్లలు. అప్పుగా రాసి, ప్రామిసరీ నోటు రాసి, ఏటా మార్చి 31న ఇంత బాకీ ఉందని ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటే వాటాలకన్నా ముందు ఆ అప్పు తీరుతుంది. నోటుకు మూడేళ్ల గడువు. గడువు దాటకముందే బాకీని ఒప్పుకుంటూ సంతకం పెట్టిన కాగితం ఉంటే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. "మన మధ్య నోటేంటి బావా" అన్న మాట ప్రేమతో అన్నదే. ఆ ప్రేమ నిలవాలనే నోటు రాయాలి.

తెనాలి దుకాణంలో ఆ తర్వాత మారినవి కొన్నే. సొంత ఫోను క్యూఆర్ కోడ్ గోడ మీద నుంచి తీసేశారు. ప్రతి నెలా ఒకటో తేదీన కరెంటు ఖాతా నుంచి సేవింగ్స్ ఖాతాకు 55,000 వెళ్తుంది. ఫీజులు, వాయిదాలు, ఎల్ఐసీ అన్నీ అక్కడి నుంచే. అమ్మాయి రెండో ఏడాది ఫీజుకు మాత్రం అది చాలలేదు. దానికి విడిగా ఇంకో లక్ష తీశారు, తీసిన రోజునే సొంత వాడకమని రాశారు. బావమరిది అప్పు దసరాకు సగం, ఉగాదికి సగం బ్యాంకు ద్వారానే తీరింది. వడ్డీలో టీడీఎస్ పట్టినప్పుడు బావమరిది కాస్త నొచ్చుకున్నాడు. రిటర్ను వేశాక ఆ సొమ్ము అతని ఖాతాకు తిరిగి వచ్చింది.